జుహైర్ పద్యంలో షరతు, జవాబు: క్రియ చివర చూసి పోల్చుకోవడం ఎలా?

అరబీ వ్యాకరణంలో షరతు వాక్యాల పాఠం మొదలవగానే పుస్తకం ఒక తేలికైన ఉదాహరణ ఇస్తుంది: 'ఇన్ తద్రుస్ తన్‌జహ్'. చదివితే నెగ్గుతావు అని అర్థం. ముందు 'ఇన్' అనే షరతు పదం, తర్వాత రెండు క్రియలు, రెండింటి చివరా సుకూన్, అంటే అచ్చు లేదని చెప్పే గుర్తు. సూత్రం అర్థమైపోయిందనిపిస్తుంది. తర్వాత ఒక పాత పద్యం చేతికిస్తే అదే మనిషి ఆగిపోతాడు. అక్కడ ఒక క్రియ చివర పేష్, అంటే 'ఉ' అచ్చు ఉంటుంది, ఇంకోదాని చివర జబర్, అంటే 'అ', మరోదాని చివర జేర్, అంటే 'ఇ'. సుకూన్ కనిపించేది ఒక్కచోటే. అయినా వ్యాఖ్యాతలు నాలుగింటినీ 'మజ్‌జూమ్' అనే, అంటే జజ్మ్ అనే స్థితిలో ఉన్నాయనే రాస్తారు. ఎందుకని?

ఆ నాలుగూ ఒకే పద్యంలో దొరుకుతాయి కాబట్టి మనం దాన్నే పట్టుకుందాం. ఇస్లాంకు ముందు, ఆరో శతాబ్దంలో బతికిన జుహైర్ ఇబ్న్ అబీ సుల్మా చెప్పిన ముఅల్లఖా అనే పేరుపొందిన దీర్ఘ కవితలోది ఇది:

వ మన్ యకు ధా ఫద్లిన్ ఫ యబ్‌ఖల్ బి ఫద్లిహీ
అలా ఖౌమిహీ యుస్తగ్‌న అన్హు వ యుధ్‌మమీ

'ఎవడైనా కలిగినవాడై ఉండి, ఆ కలిమిని తన వాళ్ళకు పెట్టకుండా పిసినారితనం చూపిస్తే, జనం అతని అవసరం లేకుండానే గడుపుకుంటారు, అతను నిందపాలవుతాడు' అని భావం. అబ్స్, ధుబ్యాన్ తెగల మధ్య ఏళ్ళ తరబడి సాగిన దాహిస్ యుద్ధాన్ని ఆపడానికి హరిమ్ ఇబ్న్ సినాన్, హారిథ్ ఇబ్న్ ఔఫ్ అనే ఇద్దరు పెద్దలు చనిపోయినవాళ్ళ రక్తపరిహారాన్ని తమ సొమ్ముతో కట్టారు. ఆ ఇద్దరినీ మెచ్చుకుంటూ చెప్పిన కవితలో ఈ మాట రావడం ఎంత సహజమో చూడండి. 'ఫద్ల్' అంటే మిగులు, దయ, కలిమి. ఉర్దూ ద్వారా మనకు తెలిసిన 'ఫజల్' ఇదే.

తెలుగు లిపిలో అరబీ ధ్వనులన్నీ పలకవు. అందుకని అరబీ అక్షరాల్లో అచ్చయిన పాఠాన్ని పక్కన పెట్టుకోండి. ఒక పెన్సిల్ కూడా.

ముందుగా ఒక మాట సరిచేసుకోవాలి

మన దగ్గర ఖురాన్ చదవడం నేర్చుకున్నవాళ్ళకు జబర్, జేర్, పేష్, జజమ్ అనే నాలుగు పేర్లు చిన్నప్పటి నుంచీ తెలుసు. అక్షరం మీద అడ్డగీత జబర్, కింద గీత జేర్, పైన చిన్న వావు లాంటిది పేష్, అచ్చు లేదని చెప్పే గుర్తు జజమ్. అరబీ వ్యాకరణంలోకి వచ్చేసరికి ఆ నాలుగో పేరే చిక్కు తెస్తుంది. అక్కడ ఆ గుర్తుని సుకూన్ అంటారు. 'జజ్మ్' అనేది క్రియ ఉండే ఒక స్థితి పేరు. గుర్తు వేరు, స్థితి వేరు. జజ్మ్ స్థితిలో ఉన్న క్రియ చివర ఎక్కువసార్లు సుకూన్ ఉంటుంది, కానీ ప్రతిసారీ ఉండదు. నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళలో చాలామంది 'జజమ్ గుర్తు లేదు కదా, మరి మజ్‌జూమ్ ఎలా అయింది?' అని అడిగింది ఇందువల్లే. కాబట్టి ఇక్కడ గుర్తుని సుకూన్ అని, స్థితిని జజ్మ్ అని విడివిడిగా రాస్తాను.

వర్తమాన, భవిష్యత్తులకు వాడే క్రియకు (ముదారి) మూడు స్థితులు ఉన్నాయి. ఏ పదం ప్రభావమూ లేనప్పుడు రఫా: 'యక్తుబు', చివర పేష్. 'అన్', 'లన్' లాంటి పదాలు వచ్చినప్పుడు నస్బ్: 'యక్తుబ', చివర జబర్. 'లమ్' వచ్చినా, షరతు పదం వచ్చినా జజ్మ్: 'యక్తుబ్'. జజ్మ్ అనే మాటకు అసలు అర్థం 'కోత'. ఆ అర్థాన్ని గుర్తుపెట్టుకోండి. క్రియ చివర ఏం కోసేశారు అన్నదే మన ప్రశ్న.

మొదటి మెట్టు: షరతు పదాన్ని పట్టుకోండి

పద్యంలో మొదటి 'వ' కలుపు మాట. ఆ తర్వాతి 'మన్' చుట్టూ సున్నా చుట్టండి. అరబీలో 'మన్' మూడు పనులు చేస్తుంది. 'ఎవరు?' అని అడుగుతుంది, 'ఎవరైతే ఉన్నారో వారు' అని సంబంధం కలుపుతుంది, 'ఎవరైనా ఫలానా పని చేస్తే' అని షరతు పెడుతుంది. ఇది ఏ 'మన్' అనేది ఆ పదం చూసి చెప్పలేం. దాని వెనక వచ్చే క్రియ చెబుతుంది. సంబంధం కలిపే 'మన్' అయితే క్రియ రఫాలో, అంటే నిండు రూపంలో ఉంటుంది. షరతు 'మన్' అయితే క్రియకి కోత పడుతుంది. ఇక్కడ వెంటనే 'యకు' వచ్చింది. నిండు రూపం 'యకూను'. రెండూ పక్కపక్కన పెడితే కోత పడిందని కంటికే కనిపిస్తుంది. కాబట్టి ఇది షరతు 'మన్'.

రెండు క్రియల్ని జజ్మ్ చేసే పదాల్లో మీకు తరచూ తగిలేవి ఇవి: ఇన్ (అయితే), మన్ (ఎవరైనా), మా (ఏదైనా), మహ్‌మా (ఏదైనా సరే), మతా (ఎప్పుడైనా), ఐనమా (ఎక్కడైనా). 'ఇధా', 'లౌ' కూడా షరతు పదాలే గానీ అవి మామూలుగా జజ్మ్ చేయవు. 'ఇధా' వెనక క్రియకు కోత వేసి రాయడం కొత్తవాళ్ళ రాతలో నేను ఎక్కువగా దిద్దే తప్పు. 'ఇధా' ఒక పని జరుగుతుందనే నమ్మకంతో 'జరిగినప్పుడు' అంటుంది. 'ఇన్' జరగొచ్చు, జరగకపోవచ్చు అనే అనుమానం ఉంచుతుంది. తెలుగులో రెండింటికీ '-తే' సరిపోతుంది కాబట్టి మనకు ఆ తేడా చెవికి తగలదు.

రెండో మెట్టు: క్రియలన్నీ ఏరి, నిండు రూపాలు పక్కన రాయండి

పద్యంలో క్రియలు నాలుగు. ఒక్కోదానికీ ఏ పదం ప్రభావమూ లేకపోతే ఉండాల్సిన రూపం, అంటే రఫా రూపం, పక్కన రాసుకోండి.

- యకు: నిండు రూపం యకూను (ఉంటాడు)
- యబ్‌ఖల్: నిండు రూపం యబ్‌ఖలు (పిసినారితనం చూపిస్తాడు)
- యుస్తగ్‌న: నిండు రూపం యుస్తగ్‌నా (అవసరం లేదనుకోబడుతుంది)
- యుధ్‌మమి: నిండు రూపం యుధమ్ము (నిందించబడతాడు)

ఈ పని చేయకుండా తిన్నగా గుర్తుల మీదికి వెళ్ళొద్దు. కోత ఎక్కడ పడిందో తెలియాలంటే కోయకముందు వస్త్రం ఎంత ఉందో తెలియాలి. ముఖ్యంగా మూడోది, నాలుగోది కర్మణి రూపాలు. అవి కర్మణి అని గమనించకపోతే 'అతను అవసరం లేదనుకుంటాడు, నిందిస్తాడు' అని అర్థం తలకిందులవుతుంది. ముదారి మొదట్లో 'యు' ఉండి, చివరి మూలాక్షరానికి ముందు జబర్ ఉంటే కర్మణి అని అనుమానించండి.

మూడో మెట్టు: షరతు ఎక్కడ అయింది, జవాబు ఎక్కడ మొదలైంది?

షరతు, జవాబు అనే మాటలు మనం తెలుగులో రోజూ వాడతాం. రెండూ అరబీ నుంచి వచ్చినవే. అరబీ వ్యాకరణం కూడా ఈ రెండు భాగాలనీ అచ్చంగా ఆ పేర్లతోనే పిలుస్తుంది: అష్షర్త్, జవాబుష్షర్త్. అందుకని మనం కొత్త పేర్లు నేర్చుకోనక్కర్లేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. రెండో క్రియ ముందు 'ఫ' ఉంది: 'ఫ యబ్‌ఖల్'. షరతు పాఠంలో 'జవాబు ముందు ఫ వస్తుంది' అని చదివిన జ్ఞాపకం ఉంటుంది. దాంతో 'కలిగినవాడైతే పిసినారితనం చూపిస్తాడు' అని చదివేస్తాం. నేను మొదటిసారి ఈ పద్యం చదివినప్పుడు అలాగే చదివాను. డబ్బున్న ప్రతివాడూ పిసినారే అని కవి అంటున్నాడనుకున్నాను. హరిమ్‌ని, హారిథ్‌ని మెచ్చుకునే కవితలో ఆ మాట ఎలా పొసుగుతుందో తోచక రెండు రోజులు అక్కడే ఉండిపోయాను. అర్థం దగ్గర అనుమానం వచ్చింది కానీ, దాన్ని తీర్చే దారి క్రియ చివర ఉందని నాకప్పుడు తెలియదు.

దారి ఇది. జవాబు తనంతట తాను జజ్మ్ తీసుకోలేని రకమైతేనే 'ఫ' అవసరం పడుతుంది. జవాబు నామవాక్యమైనా, ఆజ్ఞ అయినా, 'లన్', 'సౌఫ', 'ఖద్' లాంటి వాటితో మొదలైనా 'ఫ' పెడతారు. మామూలు ముదారి క్రియే జవాబైతే అది జజ్మ్‌లో ఉంటుంది, 'ఫ' అక్కర్లేదు. ఒకవేళ అలాంటి క్రియ ముందు కూడా జవాబు 'ఫ' పెడితే, ఆ క్రియ రఫాలోకి వెళ్ళిపోతుంది. ఖురాన్‌లో అల్ మాయిదా సూరా 95వ ఆయత్‌లో ఇదే చూస్తారు: 'వ మన్ ఆద ఫ యన్తఖిముల్లాహు మిన్హు'. మళ్ళీ ఆ పని చేసేవాడి మీద అల్లాహ్ ప్రతీకారం తీర్చుకుంటాడు అని. అక్కడ 'యన్తఖిము' చివర పేష్ ఉంది. అది జవాబు 'ఫ'.

ఇప్పుడు మన పద్యానికి రండి. 'ఫ యబ్‌ఖల్', చివర సుకూన్. ఇది జవాబు 'ఫ' అయ్యుంటే 'ఫ యబ్‌ఖలు' అని ఉండాలి. లేదు కాబట్టి ఇది కలిపే 'ఫ'. ముందున్న 'యకు'కి తోడుగా వచ్చి, షరతులోనే భాగమై, దాని జజ్మ్‌నే పంచుకుంది. తెలుగులో దీనికి సరిగ్గా సరిపోయే ప్రయోగం మనకుంది: 'ఉండి'. 'కలిగినవాడై ఉండి పిసినారితనం చూపిస్తే' అన్నప్పుడు మనం '-తే' ఒక్కసారే వాడతాం, ముందు క్రియని 'ఉండి' అని దానికి తగిలిస్తాం. అరబీ రెండింటికీ జజ్మ్ ఇస్తుంది. ఇక జవాబు 'యుస్తగ్‌న' దగ్గర మొదలవుతుంది, దాని ముందు 'ఫ' లేదు. 'వ యుధ్‌మమి' ఆ జవాబుకి తోడు.

ఇప్పుడు పద్యం మీద పెన్సిల్‌తో ఒక నిలువు గీత గీయండి, 'ఖౌమిహీ' తర్వాత. ఎడమ పక్క జవాబు, కుడి పక్క షరతు. 'అలా ఖౌమిహీ' రెండో పాదంలో ఉన్నా అది 'యబ్‌ఖల్'కి చెందినది, తన వాళ్ళ పట్ల పిసినారితనం అని. పాదం విరిగిన చోటే వాక్యం విరుగుతుందని అనుకోకండి.

నాలుగో మెట్టు: ఒక్కో క్రియకు ఏం కోశారో చెప్పండి

తేలికైన దానితో మొదలుపెడదాం. 'యబ్‌ఖలు'లో చివరి పేష్ పోయింది, 'యబ్‌ఖల్' మిగిలింది. పుస్తకం చెప్పిన జజ్మ్ ఇదే. ఇక్కడ గుర్తు సుకూన్.

'యుస్తగ్‌నా' చివర దీర్ఘం ఉంది. ఇలా బలహీనాక్షరంతో, అంటే అలిఫ్, వావు, యాలలో ఒకదానితో ముగిసే క్రియలకు జజ్మ్‌లో ఆ అక్షరమే ఎగిరిపోతుంది. దీర్ఘం పోయి 'యుస్తగ్‌న' మిగిలింది. చివర కనిపించే జబర్, పోయిన అలిఫ్ ముందు ఎప్పుడూ ఉన్నదే. కొత్తవాళ్ళు ఆ జబర్ చూసి 'నస్బ్' అని రాస్తారు. నస్బ్ అయితే అలిఫ్ పోదు, 'యుస్తగ్‌నా' అలాగే ఉంటుంది. కాబట్టి జబర్ చూడకండి, ఆ తర్వాత అక్షరం ఉందా లేదా చూడండి.

'యకు' కథ కాస్త పెద్దది, మూడు అడుగులుగా జరిగింది. 'యకూను'లో చివరి పేష్ పోతే 'యకూన్' అవుతుంది. దీర్ఘం వెనకే అచ్చులేని 'న్' రావడాన్ని అరబీ ఇక్కడ ఒప్పుకోదు, అందుకని వావు పోయి 'యకున్' అయింది. మామూలు రాతలో ఇక్కడితో ఆగుతారు. కానీ 'కాన' అనే ఈ ఒక్క క్రియకు మరో వెసులుబాటు ఉంది. జజ్మ్‌లో ఉన్న 'యకున్' తర్వాతి మాట అచ్చుతో కూడిన అక్షరంతో మొదలైతే, కావాలనుకుంటే 'న్' కూడా వదిలేయవచ్చు. ఇక్కడ తర్వాతి మాట 'ధా'. వెసులుబాటు వాడుకున్నారు, 'యకు' మిగిలింది. చివర కనిపించే పేష్ 'క' మీదిది, క్రియ మధ్యలోది. దాన్ని రఫా గుర్తు అనుకుంటే మొత్తం తప్పుతుంది. ఇరాబ్, అంటే ఒక్కో మాట స్థితినీ దాని గుర్తునీ విడమరిచి రాసేటప్పుడు 'జజ్మ్ గుర్తు: పోయిన నూన్ మీది సుకూన్' అని రాయాలి. గుర్తు ఉన్న అక్షరమే పోయింది, అయినా గుర్తు దానిదే.

ఇక 'యుధ్‌మమి'. దీని మూలంలో రెండు మీమ్‌లు ఉన్నాయి, నిండు రూపంలో అవి జంటగా అతుక్కుని 'యుధమ్ము' అవుతాయి. జజ్మ్‌లో ఇలాంటి క్రియలకు రెండు దారులు ఉన్నాయి: జంటని అలాగే ఉంచి 'యుధమ్మ' అనవచ్చు, విడదీసి 'యుధ్‌మమ్' అనవచ్చు. కవి విడదీశాడు. మరి చివర జేర్ ఎక్కడిది? ఆ కవిత మొత్తం 'మి' మీద ప్రాస నడుస్తుంది. ప్రాసాక్షరం మీద సుకూన్ ఉన్నప్పుడు దాన్ని పలకడానికి జేర్ ఇచ్చి, పాదం చివర కాబట్టి 'మీ' అని సాగదీస్తారు. ఇది ప్రాస కోసం వచ్చిన అచ్చు. జేర్ కనపడగానే 'మజ్‌రూర్' అని రాసేవాళ్ళున్నారు. అంటే జర్ అనే స్థితిలో ఉందని. క్రియకు ఎప్పుడూ జర్ రాదు, అది నామాలకే. క్రియ చివర జేర్ కనిపిస్తే, కింద సుకూన్ దాగి ఉందేమో వెతకండి.

ఐదో మెట్టు: ఛందస్సుతో సరిచూసుకోండి

గద్యంలో లేని సదుపాయం పద్యంలో ఉంది. మీరు చెప్పిన కోత నిజమో కాదో ఛందస్సే చెబుతుంది. లఘువు, గురువు గుర్తించడం వచ్చిన తెలుగువాళ్ళకు ఇది కష్టం కాదు. అరబీ లెక్క కూడా దాదాపు అదే: హ్రస్వాచ్చుతో తెరిచి ఉన్న అక్షరం లఘువు, దీర్ఘం ఉన్నా పొల్లుతో మూసుకున్నా గురువు.

ఈ పద్యం తవీల్ అనే ఛందస్సులో ఉంది. ఒక్కో పాదంలో నాలుగు గణాలు: ఫఊలున్, మఫాఈలున్, ఫఊలున్, మఫాఇలున్. మన భాషలో లగగ, లగగగ, లగగ, లగలగ. మొదటిది మన య గణమే. ఫఊలున్ చివరి గురువు లఘువుగా మారి లగల అవడానికి, అంటే మన జ గణం అవడానికి, అనుమతి ఉంది. ఏ గణమైనా లఘువుతో మొదలవుతుంది, పాదం మధ్యలో దాన్ని మాత్రం కదిలించడానికి వీల్లేదు. పద్యాన్ని విరిచి చూడండి:

వ మన్ య | కు ధా ఫద్ లిన్ | ఫ యబ్ ఖల్ | బి ఫద్ లి హీ
లగల | లగగగ | లగగ | లగలగ

అ లా ఖౌ | మి హీ యుస్ తగ్ | న అన్ హు | వ యుధ్ మ మీ
లగగ | లగగగ | లగల | లగలగ

రెండో గణం 'కు'తో మొదలైంది. అక్కడ లఘువు ఉండాలి. 'యకున్' అని ఉంచి ఉంటే 'కున్' గురువు అయిపోయి గణం విరుగుతుంది. అంటే 'న్' వదిలేయడం కవికి అవసరమే, అచ్చుతప్పు కాదు. రెండో పాదంలో మూడో గణం 'న'తో మొదలైంది. 'యుస్తగ్‌నా' అని అలిఫ్ ఉంచితే అక్కడ గురువు వస్తుంది, మళ్ళీ విరుగుతుంది. కాబట్టి అలిఫ్ పోయిందనేది ఖాయం.

'యబ్‌ఖల్' సంగతి ఇంకా బాగుంటుంది. షరతుకీ జవాబుకీ మధ్య 'ఫ'తోనో 'వ'తోనో వచ్చిన క్రియను నస్బ్‌లో చదవడానికి కూడా వ్యాకరణం ఒప్పుకుంటుంది. అంటే గద్యంలో 'ఫ యబ్‌ఖల' అన్నా తప్పు కాదు. కానీ ఇక్కడ ఫ, యబ్, ఖ, ల, బి అని చదివితే లగలలల అవుతుంది, తవీల్‌లో అది ఇమడదు. వ్యాకరణం రెండు దారులు ఇచ్చిన చోట ఛందస్సు ఒకటి మూసేసింది.

ఆరో మెట్టు: జవాబు తర్వాత వచ్చిన తోడు క్రియ

'వ యుధ్‌మమి' లాంటి క్రియ, అంటే జవాబు అయిపోయాక 'వ'తోనో 'ఫ'తోనో తగిలించిన ముదారి, మూడు స్థితుల్లోనూ రావచ్చు. జవాబుతో కలిపితే జజ్మ్, కొత్త వాక్యంగా మొదలుపెడితే రఫా, లోపల 'అన్' దాగి ఉందనుకుంటే నస్బ్. ఇది పుస్తకంలో రాసుకున్న ఊహ మాత్రమే అనుకోకండి. అల్ బఖరా సూరా 284వ ఆయత్ చూడండి: 'వ ఇన్ తుబ్దూ మా ఫీ అన్ఫుసికుమ్ ఔ తుఖ్‌ఫూహు యుహాసిబ్‌కుమ్ బిహిల్లాహు ఫ యగ్‌ఫిరు లిమన్ యషా'. మీ మనసుల్లో ఉన్నది బయటపెట్టినా దాచినా అల్లాహ్ మీ దగ్గర లెక్క తీసుకుంటాడు, తర్వాత తాను కోరినవారిని క్షమిస్తాడు అని. మన దగ్గర అచ్చులో ఉండే హఫ్స్ పఠనంలో 'యగ్‌ఫిరు', పేష్‌తో రఫా. నాఫి పఠనంలో 'యగ్‌ఫిర్', జజ్మ్. రెండూ పరంపరగా వచ్చిన పఠనాలే, రెండూ వ్యాకరణానికి సమ్మతమే.

ఈ ఆయత్‌లో మన పద్యంలో లేని కోత కూడా ఒకటి దొరుకుతుంది. 'తుబ్దూ' నిండు రూపం 'తుబ్దూన'. మీరు, వాళ్ళు అనే పుంలింగ బహువచన రూపాల చివర ఉండే 'న' జజ్మ్‌లో పోతుంది. అచ్చు పోవడం, బలహీనాక్షరం పోవడం, ఈ 'న' పోవడం: కోత ఈ మూడు రకాలే. 'యకు'లో పోయిన నూన్ వీటిలోకి రాదు. అది మూలాక్షరం, వెసులుబాటు వల్ల పోయింది.

మన పద్యంలో 'యుధ్‌మమి'కి మిగతా రెండు దారులూ ఎందుకు లేవు? రఫా అయితే 'యుధమ్ము', నస్బ్ అయితే 'యుధమ్మ'. ఆ రెంటిలోనూ మీమ్‌లు విడిపోవు, 'మి' ప్రాసా కుదరదు. జజ్మ్‌లోనే మీమ్‌లు విడిపోతాయి, సుకూన్ జేర్‌గా మారుతుంది. ప్రాస ఒక్కటే స్థితిని తేల్చేసింది.

ఇప్పుడు మీరు చేయండి

అన్నిసా సూరా 40వ ఆయత్‌లోని ఈ ముక్కతో మొదలుపెట్టండి: 'వ ఇన్ తకు హసనతన్ యుదాఇఫ్‌హా వ యు'తి మిన్ లదున్హు అజ్రన్ అజీమా'. ఒక మంచి పని ఉంటే దాన్ని రెట్టింపు చేస్తాడు, తన వైపు నుంచి గొప్ప ప్రతిఫలం ఇస్తాడు అని. 'తకు'లో 'యకు' కథే. 'యుదాఇఫ్'లో పేష్ పోయింది. 'యు'తి' నిండు రూపం 'యు'తీ', దీర్ఘం పోయింది, మిగిలిన జేర్ ముందు నుంచీ ఉన్నదే. దీన్ని 'యుధ్‌మమి' చివరి జేర్‌తో పోల్చండి. చూడ్డానికి ఒకటే, కానీ ఒకటి కోత తర్వాత మిగిలింది, ఇంకొకటి ప్రాస కోసం వచ్చి చేరింది.

అది వచ్చేశాక జుహైర్‌దే, అదే కవితలోని మరో పద్యం తీసుకోండి:

వ మహ్‌మా తకున్ ఇన్దమ్‌రియిన్ మిన్ ఖలీఖతిన్
వ ఇన్ ఖాలహా తఖ్‌ఫా అలన్నాసి తు'లమీ

'మనిషిలో ఏ స్వభావం ఉన్నా సరే, అది జనానికి తెలియకుండా దాగుతుందని అతను అనుకున్నా, బయటపడుతుంది' అని. 'మహ్‌మా' షరతు పదం, 'తకున్' షరతు, 'తు'లమి' జవాబు. ఈసారి 'తకున్'లో 'న్' వదల్లేదు. అక్కడ గురువు కావాలి కాబట్టి వదిలే వీల్లేదు.

నేర్చుకునేవాళ్ళు తడబడేది 'తఖ్‌ఫా' దగ్గర. దానికి ముందు 'ఇన్' కనిపిస్తోంది, అందుకని అలిఫ్ కోసి 'తఖ్‌ఫ' అని దిద్దాలనిపిస్తుంది. కానీ 'ఇన్' పట్టుకున్నది 'తఖ్‌ఫా'ని కాదు, పక్కనే ఉన్న 'ఖాల'ని. అది భూతకాల క్రియ కాబట్టి పైకి మార్పు కనిపించదు. 'తఖ్‌ఫా' అనేది 'అనుకున్నాడు' అన్న మాటకు లోపల ఉన్న విషయం, 'దాగుతుందని' అనే ముక్క. దాని మీద షరతు చెయ్యి పడలేదు, అది రఫాలోనే ఉంది. నమ్మకం కుదరకపోతే విరిచి చూడండి: వ ఇన్ ఖా | ల హా తఖ్ ఫా | అ లన్ నా | సి తు' ల మీ. రెండో గణం లగగగ, దాని చివర గురువు ఉండాలి. అలిఫ్ కోస్తే అది లఘువైపోతుంది, గణం ఒక మాత్ర తక్కువై చెవికి కుంటుతుంది. పైకి గట్టిగా రెండుసార్లు చదివి చూడండి, ఒకసారి 'తఖ్‌ఫా' అని, ఒకసారి 'తఖ్‌ఫ' అని.